ఎన్ని తలుపులు తట్టాలి?

2019లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత కోసం తెలంగాణలో 27,351 ఇళ్ళ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 11,346 ఇళ్ళ నుంచి సమాచారం సేకరించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ జనం మూడున్నర కోట్లు, ఆంధ్రప్రదేశ్ జనం దాదాపు అయిదు కోట్లు. జనం తక్కువున్న రాష్ట్రంలో రెండింతలకు పైగా ఇళ్ళకు ఎందుకు వెళ్ళారు?

జవాబు జనాభాలో లేదు, జిల్లాల సంఖ్యలో ఉంది. ఆ సర్వే రాష్ట్రానికే కాక ప్రతి జిల్లాకూ విడిగా అంకెలు ఇవ్వాలని పెట్టుకుంది. సర్వే లెక్కలోకి తీసుకున్న నాటికి తెలంగాణలో 31 జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లో 13. భాగించి చూస్తే తెలంగాణలో జిల్లాకు 882 ఇళ్ళు, ఆంధ్రలో జిల్లాకు 873 ఇళ్ళు. రెండూ ఒక్కటే అన్నంత దగ్గరగా ఉన్నాయి. పెద్ద జిల్లాకూ చిన్న జిల్లాకూ దాదాపు ఒకే నమూనా సరిపోయిందన్నమాట.

సర్వే చేయబోయేవాళ్ళలో చాలామంది ముందుగా అడిగేది "జనాభాలో పది శాతం తీసుకుంటే చాలా?" అని. ఆ పది శాతం లెక్కకు ఆధారం ఏమీ లేదు. చీటీలు తీసినట్టు ఏ పక్షపాతం లేకుండా ఇళ్ళను ఎంచుకున్నప్పుడు, మన అంకె అసలు నిజానికి ఎంత అటూఇటూ ఊగుతుందన్నది ఎన్ని చీటీలు తీశామన్న దాన్ని బట్టి ఉంటుంది. డబ్బాలో ఇంకా ఎన్ని మిగిలాయన్న దానితో దానికి పెద్దగా సంబంధం లేదు. అయిదు శాతం అటూఇటూ తేడా చాలనుకుంటే వెయ్యి ఇళ్ళున్న ఊళ్ళో 279 ఇళ్ళు కావాలి. పదివేల ఇళ్ళున్న పట్టణంలో 371, లక్ష ఇళ్ళున్న నగరంలో 384. కోటి ఇళ్ళున్నా 385కి మించదు. జనాభా ప్రభావం చిన్న ఊళ్ళ దగ్గరే కాస్త కనిపిస్తుంది, ఆ తరువాత మాయమవుతుంది.

ఈ 385 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే మనం భరించగల అటూఇటూ తేడా. సర్వేలో 54 శాతం వచ్చి, తేడా అయిదు శాతమైతే, అసలు అంకె 49కీ 59కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అలాంటప్పుడు "సగానికి పైగా జనం ఇలా అంటున్నారు" అని రాయడానికి వీల్లేదు, ఎందుకంటే 49 కూడా ఆ హద్దుల్లోనే ఉంది. కాబట్టి ఈ తేడాను అలవాటుగా అయిదని పెట్టుకోకూడదు. సర్వే ఫలితం మీద ఆధారపడి ఏ నిర్ణయం తీసుకోబోతున్నామో, దానికి ఎంత సన్నని అంకె కావాలో చూసి పెట్టుకోవాలి. తేడాను సగానికి తగ్గించాలంటే ఇళ్ళు రెండింతలు కాదు, నాలుగింతలు కావాలి. అయిదు శాతానికి 385 ఇళ్ళయితే రెండున్నర శాతానికి 1,537. బడ్జెట్ ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే.

రెండోది కాన్ఫిడెన్స్ లెవెల్. మామూలుగా 95 శాతం పెట్టుకుంటారు. దీన్ని "మా సర్వే 95 శాతం కచ్చితం" అని చెప్పుకోవడం చాలాచోట్ల చూస్తాం, అది తప్పు. ఇదే సర్వేను ప్రతిసారీ కొత్తగా చీటీలు తీసి వందసార్లు చేశామనుకుందాం. ప్రతిసారీ ఒక అంకె, దానికి అటూఇటూ హద్దులు వస్తాయి. ఆ వందలో దాదాపు 95 సార్లు అసలు నిజం మన హద్దుల లోపల ఉంటుంది, మిగతా అయిదు సార్లు బయట పడుతుంది. మనం చేసింది ఏ కోవలోదో మనకు తెలియదు. 95 శాతానికి సంఖ్యాశాస్త్రం ఇచ్చే గుణకం 1.96.

ఇక సూత్రం ఇది:

```
n = z² × p × (1 − p) ÷ e²
n = 1.96² × 0.5 × 0.5 ÷ 0.05² = 384.16
```

ఇళ్ళను ముక్కలు చేయలేం కనుక 385. ఇందులో z అంటే ఇప్పుడు చెప్పిన 1.96, e అంటే అటూఇటూ తేడా. p అంటే మనం కొలవబోయే వాటా సుమారు ఎంత ఉండవచ్చన్న ముందస్తు అంచనా. తెలుసుకోవడానికే సర్వే చేస్తుంటే ముందే ఎలా తెలుస్తుందని అనిపించడం సహజం. అందుకే సగం, అంటే 0.5 పెడతారు. జనం సగం సగంగా చీలినప్పుడే ఊగిసలాట ఎక్కువ, కాబట్టి ఆ లెక్కకు వచ్చిన నమూనా మరే వాటాకైనా చాలుతుంది. కొలవబోయేది అరుదైన విషయమైతే మాత్రం జాగ్రత్త పడాలి. పది శాతం ఇళ్ళలోనే ఉండే సమస్యను అయిదు శాతం తేడాతో కొలిస్తే అయిదు నుంచి పదిహేను దాకా అని తేలుతుంది. ఒకటికి మూడింతల ఎడమున్న ఆ రెండు అంకెలతో ఎవరూ ఏ పథకం వేయలేరు. అక్కడ తేడాను రెండుకు దించాలి, అప్పుడు 865 ఇళ్ళు కావాలి.

సూత్రం ఇంతే. దాన్ని ఊళ్ళోకి తీసుకెళ్ళినప్పుడే అసలు పని మొదలవుతుంది. ఒక ఉదాహరణ కల్పించుకుని చివరిదాకా నడిపిద్దాం.

ఒక మండలంలో 14,000 ఇళ్ళున్నాయనుకుందాం. తాగడానికి ఎన్ని ఇళ్ళవాళ్ళు డబ్బు పెట్టి ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు కొంటున్నారో తెలుసుకోవాలి. 95 శాతం కాన్ఫిడెన్స్, అయిదు శాతం తేడా పెట్టుకున్నాం. లెక్క 385. మొత్తం 14,000 ఇళ్ళే కదా అని సవరిస్తే 375కి తగ్గుతుంది. ఆ పది ఇళ్ళ ఆదా కోసం ఆశపడకపోవడమే మంచిది, ఎందుకంటే తరువాతి మెట్టులో అంకె ఎలాగూ పెరగబోతోంది.

385 అన్నది మండలంలోని ఇళ్ళన్నిటి పేర్లూ ఒకే డబ్బాలో వేసి చీటీలు తీసినప్పటి లెక్క. అలా తీస్తే సర్వే చేసేవాళ్ళు ఒక్కో ఇంటి కోసం ఒక్కో మూలకు పోవాలి. ఎవరూ అలా చేయరు. ముందు కొన్ని వార్డులను చీటీ వేసి ఎంచుకుంటారు, తరువాత ఒక్కో వార్డులో కొన్ని ఇళ్ళను ఎంచుకుంటారు. కుటుంబ ఆరోగ్య సర్వే పద్ధతీ ఇదే: ఎంచుకున్న ప్రతి చోటా 22 ఇళ్ళు. ఖర్చు తగ్గుతుంది కానీ దానికి మూల్యం ఉంది. వీధి చివర నీళ్ళ ప్లాంటు ఉంటే ఆ వార్డులో దాదాపు అందరూ కొంటారు. మంచినీళ్ళ బావి ఉన్న వార్డులో ఎవరూ కొనరు. కాబట్టి ఒకే వార్డులో రెండో ఇల్లు, మూడో ఇల్లు చెప్పే జవాబు చాలావరకు మొదటి ఇల్లు చెప్పేసిందే. పది ఇళ్ళు తిరిగినా పది ఇళ్ళ సమాచారం రాదు.

ఈ నష్టాన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. ఇరుగుపొరుగు జవాబుల పోలికను సున్నా నుంచి ఒకటి దాకా ఒక కొలతగా తీసుకుని, వార్డుకు ఎన్ని ఇళ్ళో అందులోంచి ఒకటి తీసేసి, ఆ రెండిటినీ గుణించి, ఒకటి కలుపుతారు. మన మండలంలో పోలిక 0.1 అనుకుంటే, వార్డుకు పది ఇళ్ళ చొప్పున తీసుకున్నప్పుడు 1 + 9 × 0.1, అంటే 1.9. 385ని 1.9తో గుణిస్తే 732. అదే పని తేలికని వార్డుకు 25 ఇళ్ళు తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 3.4 అవుతుంది, 1,309 ఇళ్ళు కావాలి. ఎక్కువ వార్డులకు వెళ్ళి వార్డుకు తక్కువ ఇళ్ళు తిరగడం కాళ్ళకు కష్టమే కానీ లెక్కకు లాభం. ఇంటర్నెట్‌లో దొరికే శాంపిల్ సైజ్ క్యాలిక్యులేటర్లలో చాలావాటికి ఈ విషయం పట్టదు. అవి 385 చూపించి ఆగిపోతాయి. ఆ 385నే నాలుగైదు ఊళ్ళలో గుంపుగా పూర్తి చేసి, అయిదు శాతం తేడా అని రిపోర్టులో రాసుకునేవాళ్ళు కొల్లలు.

732 అంటే పూర్తయిన ఇంటర్వ్యూలు. ఎక్కాల్సిన గడపలు అంతకంటే ఎక్కువ.

ఎంత ఎక్కువో తెలుసుకోవడానికి నమూనాలో లేని ఒక వార్డులో, సర్వే చేయబోయే కాలంలోనే, అదే వేళల్లో ముందుగా కొన్ని తలుపులు తట్టి చూడాలి. 50 తలుపులు తట్టామనుకుందాం. నాలుగు ఇళ్ళవాళ్ళు ఏళ్ళ కిందటే హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్ళిపోయారు, ఇల్లు ఖాళీ. ఆరు ఇళ్ళకు ఆ పూట తాళం. మూడు ఇళ్ళవాళ్ళు చెప్పనన్నారు. 37 ఇళ్ళవాళ్ళు జవాబిచ్చారు. ఇక్కడ ఖాళీ ఇల్లు, తాళం వేసిన ఇల్లు ఒకటి కావు. ఖాళీ ఇంట్లో అడగాల్సిన మనిషే లేడు, అది మన లెక్కలోకి రాదు. తాళం వేసిన ఇంట్లో మనిషి ఉన్నాడు, మనకు దొరకలేదంతే. కాబట్టి రెస్పాన్స్ రేటు 50లో 37 కాదు, 46లో 37, అంటే 80 శాతం. అయితే ఎన్ని తలుపులు తట్టాలో తేల్చుకునేటప్పుడు మాత్రం ఖాళీ ఇళ్ళనూ కలుపుకోవాలి, ఎందుకంటే వెళ్ళేదాకా అది ఖాళీదని తెలియదు. ఆ లెక్కకు 50లో 37, అంటే 74 శాతం.

ఈ 74 శాతం కూడా 50 ఇళ్ళ చిన్న సర్వేలోంచి వచ్చిందే. దానికీ పన్నెండు శాతం దాకా అటూఇటూ తేడా ఉంది. అందుకని కాస్త వెనక్కి తగ్గి 70 శాతం అనుకోవడం వివేకం. 732ని 0.7తో భాగిస్తే 1,046. వార్డుకు 14 తలుపుల చొప్పున 75 వార్డులు తీసుకుంటే 1,050 తలుపులు అవుతాయి. వార్డుకు సుమారు పది ఇంటర్వ్యూలు పూర్తవుతాయి, మనం డిజైన్ ఎఫెక్ట్ లెక్క వేసుకున్నదీ వార్డుకు పది మీదే.

ఈ మెట్టులో తరచూ దొర్లే పొరపాటు ఒకటుంది. 30 శాతం దొరకరు కాబట్టి 732కి 30 శాతం కలుపుదాం అంటారు. అప్పుడు 952 వస్తుంది. అందులో 70 శాతం 666 మాత్రమే. 66 ఇంటర్వ్యూలు తక్కువ పడతాయి. కలపకూడదు, దొరికే వాటాతో భాగించాలి.

ఇక్కడితో లెక్క పూర్తయినట్టే కనిపిస్తుంది. సర్వేలు దెబ్బతినేది మాత్రం దీని తరువాతే. తలుపులు పెంచితే ఇంటర్వ్యూల సంఖ్య నిండుతుంది. దొరకనివాళ్ళు చెప్పకుండా పోయినదాన్ని అది తెచ్చిపెట్టదు.

మన మండలంలోనే చూద్దాం. పగలు పదింటికి తలుపు తీసినవాళ్ళలో 60 శాతం క్యాన్ నీళ్ళు కొంటున్నారు. తాళం వేసినవి ఎక్కువగా కూలిపనికి తెల్లవారకముందే వెళ్ళిపోయే కుటుంబాలవి అనుకుందాం. వాళ్ళలో కొనేది 30 శాతమే. తలుపు తీసినవాళ్ళు 70 శాతం, తీయనివాళ్ళు 30 శాతం అయితే మండలం మొత్తం మీద నిజం 51 శాతం. సర్వే మాత్రం 60 అంటుంది, అటూఇటూ అయిదు అంటుంది. నిజం ఆ హద్దుల బయట ఉంది. తలుపులను రెండింతలు చేస్తే తేడా మూడున్నరకు తగ్గుతుంది, అంకె మాత్రం 60 దగ్గరే నిలుస్తుంది. తప్పు అంకె ఇంకాస్త సన్నని హద్దులతో బయటికి వస్తుంది.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటిమందికి నమూనా బ్యాలట్లు పోస్టులో పంపింది. ఇరవై మూడు లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. అంత నమూనాకు సూత్రం ప్రకారం తేడా ఒక శాతంలో పదో వంతు కూడా ఉండదు. పత్రిక రూజ్‌వెల్ట్‌కు 43 శాతం వస్తాయని, లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్‌కు దాదాపు 61 శాతం ఓట్లు వచ్చాయి, 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే. పేర్లు తీసుకున్న జాబితాల్లో టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళు ఎక్కువన్నది అందరూ చెప్పే కారణం. బ్యాలట్ అందుకున్న ప్రతి నలుగురిలో ముగ్గురు జవాబివ్వలేదన్నది అంతకు తక్కువ కారణం కాదు. పంపడానికి పూనుకున్నవాళ్ళూ పక్కన పెట్టేసినవాళ్ళూ ఒకే రకం ఓటర్లు కారు. వాట్సాప్ గ్రూపుల్లో ఫారం లింకు పెట్టి, రెండువేల జవాబులు వచ్చాయి కాబట్టి తేడా రెండు శాతమే అనడం ఇదే దారి. అక్కడ చీటీ తీసినవాళ్ళు లేరు, కనుక ఆ సూత్రం అక్కడ వర్తించదు.

అందుకే పట్టున్న సర్వేల్లో రెండు కట్టుబాట్లు ఉంటాయి. తాళం ఉన్న ఇంటికి మరో వేళ, మరో రోజు మళ్ళీ వెళ్ళాలి. ఎంచుకున్న ఇల్లు దొరకలేదని పక్కింటికి పోకూడదు. కుటుంబ ఆరోగ్య సర్వేలో ముందే ఎంచిన ఇంటికి బదులు మరో ఇల్లు తీసుకోవడానికి అనుమతి లేదు. పక్కిల్లు తీసుకోవడంలో తప్పేముందని ఫీల్డులో తిరిగే కుర్రాళ్ళకు అనిపిస్తుంది. పక్కింట్లో దొరికినవాళ్ళు కూడా పగలు ఇంట్లో ఉండేవాళ్ళే. కోటా నిండుతుంది, కూలికి వెళ్ళిన కుటుంబం ఎప్పటికీ లెక్కలోకి రాదు. అంతకంటే చెరుపు, ఎన్ని ఇళ్ళు దొరకలేదన్న ఆనవాలే చెరిగిపోతుంది.

ఆనవాలు ఉంచుకుంటే తప్పును పసిగట్టే వీలుంది. ఇంటర్వ్యూ ఎన్నో రాకలో దొరికిందో ఫారంలో రాసుకోవాలి. మొదటి రాకలో దొరికినవాళ్ళలో క్యాన్ నీళ్ళు కొనేవాళ్ళు 62 శాతం, రెండో రాకలో 53, మూడో రాకలో 45 అని తేలితే, అసలు దొరకనివాళ్ళలో అది ఇంకా తక్కువ ఉంటుందని అనుమానించాలి. మూడు రాకల్లోనూ అంకె మారకపోతే కొంత ధైర్యంగా ఉండవచ్చు.

మొత్తానికి నమూనా చాలినా అందులోని చిన్న గుంపుకు చాలకపోవచ్చు. జిల్లాకు 882 ఇళ్ళు తిరిగినా అందులో ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలు ఏ కొద్దిమందో దొరుకుతారు. అలాంటి పిల్లలు 50 మంది దొరికారనుకుంటే, టీకాల వంటి అంకెకు అటూఇటూ తేడా పద్నాలుగు శాతం దాకా పోవచ్చు. కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా పట్టికల్లో కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి. 25 నుంచి 49 మంది మీద ఆధారపడిన అంకె అని దానర్థం. 25 మంది కూడా లేనిచోట అంకె బదులు నక్షత్రం గుర్తు వేస్తారు. ఆ బ్రాకెట్లను వదిలేసి రెండు జిల్లాలను పోల్చి వార్త రాస్తే లేని తేడాను ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. మన మండలంలోనూ అంతే. తండాలకు ఒక అంకె, మిగతా ఊళ్ళకు ఒక అంకె అయిదు శాతం తేడాతో కావాలని సర్పంచులు అడిగితే 732ని రెండు పాళ్ళు చేయడం కుదరదు, రెండు చోట్లా 732 కావాలి. ఆ కోరిక సర్వే మొదలుపెట్టకముందే రావాలి.

సర్వే ముగిసిందనుకుందాం. 1,050 తలుపుల్లో 78 ఖాళీ ఇళ్ళు. మిగిలిన 972లో 748 ఇళ్ళు జవాబిచ్చాయి, అంటే 77 శాతం. వాటిలో 459 ఇళ్ళవాళ్ళు క్యాన్ నీళ్ళు కొంటున్నారు, అంటే 61 శాతం. డిజైన్ ఎఫెక్ట్ కలుపుకున్నా తేడా అయిదు లోపే ఉంది. రిపోర్టులో ఈ అంకెలన్నీ ఉండాలి. వాటితోపాటు ఇంకొక లెక్క కూడా వేసి చూపిస్తే చదివేవాళ్ళకు న్యాయం చేసినట్టు. దొరకని 224 ఇళ్ళలో ఒక్కరూ కొనరనుకుంటే ఆ వాటా 47 శాతం, అందరూ కొంటారనుకుంటే 70 శాతం. సూత్రం చెప్పిన 56 నుంచి 66 కంటే ఈ ఎడం చాలా వెడల్పు. దాన్ని ఇరుకు చేయడానికి మరో వెయ్యి కొత్త ఇళ్ళకు పెట్టే ఖర్చు పనికిరాదు. అందులో పదో వంతు ఖర్చుతో ఆ 224 ఇళ్ళ జాబితాలోంచి చీటీలు తీసి ఓ అరవై ఇళ్ళను ఎంచుకుని, సాయంత్రం ఏడు తరువాతో ఆదివారం పొద్దున్నో వెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న అడిగి రావచ్చు.